సినిమా క్లిప్‌లో మాటలు తీసేసి మ్యూజిక్, ఎఫెక్ట్స్ మిగల్చుకోవడం: డబ్బింగ్ చేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక క్లిప్ చేతిలో ఉంది. దాన్ని మరో భాషలో డబ్ చేయాలి. పాత మాటలు పోవాలి, వెనక ఉన్న సంగీతం, తలుపు చప్పుడు, వాన హోరు మాత్రం అలాగే ఉండాలి. ఈ పనికి దిగినవాళ్లు నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒకటే ఉంటున్నాయి. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక తగ్గి ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

అసలు మాటలు లేని ట్రాక్ సినిమావాళ్ల దగ్గరే ఉంటుందట, నిజమేనా?

నిజమే. దాన్ని ఎం అండ్ ఈ ట్రాక్ అంటారు, అంటే మ్యూజిక్ అండ్ ఎఫెక్ట్స్. ఇతర భాషల్లోకి అమ్ముదామనుకునే సినిమాకు ఫైనల్ మిక్స్ సమయంలోనే దీన్ని విడిగా తయారుచేస్తారు. అది కేవలం డైలాగు ఫేడర్ కిందకు దించేసి తీసిన ట్రాక్ కాదు. షూటింగ్ మైకులో మాటతో పాటే అడుగుల చప్పుడు, బట్టల రాపిడి, గ్లాసు బల్ల మీద పెట్టిన శబ్దం కూడా పడతాయి. మాట తీసేస్తే అవీ పోతాయి. అందుకని ఆ శబ్దాలన్నీ ఫోలీ ఆర్టిస్టులు మళ్లీ చేసి నింపుతారు. అలా పూర్తిగా నింపిన ట్రాక్ దొరికితే ఈ పేజీలో మిగతాదేమీ మీకు అక్కర్లేదు. కాబట్టి హక్కులున్నవాళ్లకు ముందు ఒక ఉత్తరం రాసి అడగండి. డబ్బింగ్‌కు అనుమతి ఎలాగూ వాళ్ల దగ్గరే తీసుకోవాలి. మాటలు తీసేసినంత మాత్రాన మిగిలిన సంగీతం, బొమ్మ మీవి అయిపోవు.

నా ఫైల్‌లో రెండు ఆడియోలున్నాయి, ఒకటి స్టీరియో, ఇంకోటి 5.1. దేనితో పనిచేయాలి?

5.1 ఉంటే కళ్లు మూసుకుని అదే తీసుకోండి. అందులో ఆరు ఛానెళ్లు ఉంటాయి: ముందు ఎడమ, ముందు కుడి, సెంటర్, బాస్ కోసం ఒకటి, వెనక రెండు. మాటలు ఎక్కువగా సెంటర్‌లోనే ఉంటాయి, సంగీతం ఎక్కువగా ఎడమ కుడుల్లో పరుచుకుని ఉంటుంది. అంటే మిక్స్ చేసినవాళ్లే మీ పని సగం చేసి పెట్టారన్నమాట. స్టీరియోలో ఆ సెంటర్‌ను ఎడమ కుడి రెండింట్లోనూ సమానంగా కలిపేసి ఉంటారు, మళ్లీ విడదీయడం కష్టం.

ఫైల్‌లో ఏమేం ఉన్నాయో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ఆడియో, వీడియో సాధనంతో పాటు వచ్చే ఈ కమాండ్ చెబుతుంది:

```
ffprobe -v error -select_streams a -show_entries stream=index,codec_name,sample_rate,channels,channel_layout clip.mkv
```

`channels=6` అని కనిపిస్తే 5.1 ఉన్నట్టే. కానీ దాన్ని నమ్మేసి ఊరుకోకండి. స్టీరియోనే ఆరు ఛానెళ్లుగా సాగదీసి పెట్టిన ఫైళ్లూ తిరుగుతుంటాయి. సెంటర్ ఒక్కటే సోలోగా వినండి. మాట స్పష్టంగా, సంగీతం చాలా తక్కువగా ఉంటే అది అసలైన 5.1. సెంటర్‌లో సంగీతం కూడా మాటతో సమానంగా మోగుతుంటే దాన్ని స్టీరియో కిందే లెక్కేసుకోండి.

ఎంపీ3గా మార్చి పంపారు. దానితో అవుతుందా?

అవుతుంది, కానీ ఫలితం ఒక మెట్టు తక్కువగానే ఉంటుంది. ఎంపీ3, ఏఏసీ లాంటి కుదింపులు చెవికి వినపడవనుకున్న సన్నని వివరాలను పారేస్తాయి. గట్టిగా ఉన్న మాట కింద దాక్కున్న సంగీతం సరిగ్గా అలాంటిదే. మాట ఉన్నంతసేపూ ఆ లోటు ఎవరికీ తెలియదు. మాట తీసేశాక అక్కడి సంగీతం చిల్లులు పడ్డట్టు వినిపిస్తుంది. అసలు వీడియో ఫైల్ తెప్పించుకుని, అందులోంచి ఒక్కసారే వేవ్ ఫైల్‌గా తీసుకోండి. చివరి దాకా వేవ్‌లోనే పనిచేయండి.

```
ffmpeg -i clip.mkv -map 0:a:0 -vn -c:a pcm_s24le clip.wav
```

ఇందులో `0:a:0` అంటే మొదటి ఆడియో. మీకు కావలసింది రెండోదైతే `0:a:1` అని రాయాలి.

## మాటలు వేరుచేసేటప్పుడు

5.1లో మాటలన్నీ సెంటర్‌లోనే ఉంటాయి కదా, దాన్ని మ్యూట్ చేస్తే పోదా?

పది నిమిషాల్లో అయిపోయే పని కాబట్టి ముందు చేసి చూడండి. రెండు నష్టాలు వెంటనే తెలుస్తాయి.

ఒకటి, సెంటర్‌లో మాటలే కాదు, తెర మధ్యలో జరిగే ప్రతి పనీ ఉంటుంది. పాత్ర నడిస్తే అడుగులు, కుర్చీ జరిపితే ఆ చప్పుడు, చెంపదెబ్బ, ఫోన్ రింగు అన్నీ అక్కడివే. సెంటర్ మూసేస్తే మనుషులు గాల్లో తేలుతున్నట్టు కదులుతారు. రెండు, మాట పోయినా దాని ప్రతిధ్వని పోదు. పెద్ద హాలులోనో గుహలోనో మాట్లాడే సీనుకు మిక్స్‌లో కలిపిన రివర్బ్ ఎడమ కుడుల్లోకీ వెనక స్పీకర్లలోకీ వెళ్తుంది. అప్పుడు ఎవరో పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది.

నేను చేసేది ఏమిటంటే, సెంటర్‌ను మూసేయను. ఆ ఒక్క ఛానెల్‌ను బయటికి తీసి, దానిలోంచి మాత్రమే, కింద చెప్పబోయే డెమక్స్ లాంటిదానితో మాటను వేరుచేసి, మిగిలినదాన్ని తిరిగి సెంటర్‌లోనే పెడతాను. ఎడమ కుడుల్లోని సంగీతాన్ని ముట్టుకోను కాబట్టి అది చెక్కుచెదరదు.

```
ffmpeg -i clip.wav -af "pan=mono|c0=FC" -c:a pcm_s24le centre.wav
```

మాటలు లేకుండా చేసిన సెంటర్‌ను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాత సెంటర్ స్థానంలో పెట్టుకోవచ్చు. ప్రతిధ్వని జాడ మరీ ఇబ్బంది పెడుతుంటే అప్పుడు మాత్రమే, ఆ కొద్ది సెకన్లకు మాత్రమే, ఎడమ కుడులకు కూడా అదే పని చేయండి.

స్టీరియోలో ఒక ఛానెల్‌ను తిరగేసి రెండోదానితో కలిపితే మాటలు పోతాయట. అది తేలిక కదా?

తేలికే, కానీ డబ్బింగ్‌కు పనికొచ్చేది అరుదు. ఎడమలోంచి కుడిని తీసేస్తే రెండింట్లోనూ సమానంగా ఉన్నదంతా సున్నా అవుతుంది. మాట అలా సమానంగా ఉంటుంది కాబట్టి పోతుంది. కానీ బాస్ కూడా అలాగే ఉంటుంది, డ్రమ్ముల దెబ్బ కూడా, తెర మధ్యలో జరిగే ఎఫెక్ట్స్ కూడా. అవన్నీ పోయి, మిగిలింది ఒకే ఛానెల్‌గా, పలచగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. పైగా మాటకు స్టీరియో రివర్బ్ ఉంటే అది పోదు. కరావోకే కోసం పాటల మీద వాడే పాత చిట్కా ఇది. వెనక ఆంబియెన్స్ తప్ప ఇంకేమీ లేని సీనులో ఎప్పుడైనా అక్కరకు రావచ్చు.

డెమక్స్ పాటలకోసం చేసింది కదా, సినిమాకు పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కొన్ని లోపాలతో. డెమక్స్ పాటల మీద శిక్షణ పొందిన ఏఐ మోడల్. అది పాటను డ్రమ్స్, బాస్, గొంతు, మిగతావి అని నాలుగు ముక్కలు చేస్తుంది. మనకు గొంతు ఒకవైపు, మిగతా అంతా ఒకవైపు చాలు:

```
demucs --two-stems=vocals -n htdemucs_ft centre.wav
```

పని పూర్తయ్యాక `separated` అనే ఫోల్డర్‌లో `vocals.wav`, `no_vocals.wav` అని రెండు ఫైళ్లు వస్తాయి. రెండోదే మనకు కావలసింది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు `no_vocals.wav` ఒక్కటే విని తృప్తిపడటం. `vocals.wav` కూడా శ్రద్ధగా వినండి. మీ ఎఫెక్ట్స్‌లో ఏవి తప్పిపోయాయో దానిలోనే దొరుకుతాయి. పాటలు మాత్రమే విన్న మోడల్‌కు కుక్క మొరుగు, బ్రేకు కీచుమనడం, పిల్లి అరుపు గొంతులాగే అనిపిస్తాయి, వాటిని మాటలతో కలిపి పట్టుకుపోతుంది. అవి `vocals.wav`లో విడిగా, మాటలతో కలవకుండా ఉంటే అక్కడి నుంచి కత్తిరించి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఈ ఒక్క అలవాటు సగం ఫోలీ పనిని తప్పిస్తుంది.

సినిమా ఆడియోకే చేసిన మోడళ్లు కూడా వచ్చాయి. 2021లో వచ్చిన డివైడ్ అండ్ రీమాస్టర్ అనే డేటాసెట్‌లో మాట, సంగీతం, ఎఫెక్ట్స్ అని మూడు భాగాలు ఉంటాయి. దాని మీద శిక్షణ పొందిన బ్యాండిట్ లాంటి మోడళ్లు క్లిప్‌ను ఆ మూడుగా విడదీస్తాయి. కుక్క మొరుగు లాంటివాటి దగ్గర ఇవి డెమక్స్ కంటే తెలివిగా ఉంటాయి. అయితే ఆ డేటాసెట్ మొదటి రూపంలో మాటలన్నీ ఆడియో పుస్తకాల కోసం ఇంగ్లీషులో నింపాదిగా చదివినవి. అందుకే అలాంటి శిక్షణ మీద ఆధారపడిన మోడల్ కేకలు, గుసగుసలు, ఏడుస్తూ చెప్పే డైలాగుల దగ్గర తడబడుతుంది. వాటిని ఎఫెక్ట్స్ వైపు పడేస్తుంది. నేనైతే రెండు రకాలతోనూ తీసి, ఒక్కో డైలాగుకు ఏది బాగుంటే అది వాడతాను. క్లిప్ మొత్తానికి ఒకే మోడల్ అని పట్టుబట్టాల్సిన పని లేదు.

నా కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు. ఎంతసేపు పడుతుంది?

మామూలు ప్రాసెసర్ మీద `htdemucs` మోడల్‌కు సుమారుగా క్లిప్ నిడివికి ఒకటిన్నర రెట్లు పడుతుంది. పై కమాండ్‌లో వాడిన `htdemucs_ft`కు దానికి నాలుగు రెట్లు. రెండు నిమిషాల క్లిప్‌కు ఇది టీ తాగి వచ్చేంత సమయం, పెద్ద విషయం కాదు. కమాండ్‌లో `-d cpu` అని చేర్చండి చాలు.

సీను వెనక పాట వస్తోంది. మాటలతో పాటు పాడేవాళ్ల గొంతు కూడా పోయింది. ఏం చేయాలి?

గొంతు అంటే గొంతే, మాట్లాడేదా పాడేదా అన్నది సాధారణ మోడల్ చూడదు. డైలాగు లేని చోట్ల అసలు ఆడియోనే ఉంచేస్తే పాట అక్కడ సురక్షితం. డైలాగు, పాట ఒకదానిమీద ఒకటి పడే చోట మాత్రం వేరే దారి చూడాలి. పాట విడిగా విడుదలై ఉంటే, అనుమతితో ఆ రికార్డింగ్ తెచ్చి సీనులోని పాటతో సరిగ్గా ఒకేచోట మొదలయ్యేలా పరిచి, డైలాగు ఉన్న కాస్తమేర దాన్ని వాడటం అన్నిటికంటే శుభ్రం. సంగీతం, మాట అని వేరుగా నేర్చుకున్న సినిమా మోడళ్లు పాడే గొంతును సంగీతంలోనే ఉంచే అవకాశం ఎక్కువ, కాబట్టి అదీ ఒకసారి చేసి చూడండి.

నవ్వు, ఏడుపు, నిట్టూర్పు, జనం గోల తీసేయాలా ఉంచాలా?

వీటికి భాష లేదు కాబట్టి ఉంచేయాలనిపిస్తుంది. జనం గోల విషయంలో అది సరైనదే, మాటలు విడిగా అర్థం కానంత వరకు. సంతలోనో స్టేషన్‌లోనో వెనక వినిపించే కలగాపులగం మాటలను అలాగే ఉంచండి. ఒక్క వాక్యమైనా స్పష్టంగా పాత భాషలో తెలిసిపోతుంటే ఆ ముక్క తీసేయండి.

ముఖ్యపాత్ర నవ్వు, ఏడుపు వేరే సంగతి. పాత నటుడి నవ్వు, వెంటనే కొత్త గొంతుతో మాట వస్తే ఒకే ఒంట్లో ఇద్దరున్నట్టు ఉంటుంది. మాటకు ఆనుకుని వచ్చే నవ్వును, ఊపిరిని తీసేసి కొత్త ఆర్టిస్టుతో మళ్లీ చెప్పించండి. మాటలకు దూరంగా, ఒంటరిగా ఉన్న అరుపును ఉంచినా ఎవరూ పట్టుకోలేరు. దగ్గు, ఆయాసం కూడా అంతే.

## మిగిలిపోయిన జాడలు, పడిన గుంటలు

మాటలు పోయాయి గానీ దెయ్యం గుసగుసలాడినట్టు ఏదో వినిపిస్తోంది. పూర్తిగా పోవాలంటే?

పూర్తిగా పోవాలని పట్టుబట్టడం వల్లే చాలామంది క్లిప్‌ను పాడుచేసుకుంటారు. శుభ్రం చేసిన ట్రాక్‌ను మళ్లీ మోడల్‌లో వేస్తారు, ఆ తర్వాత నాయిస్ రిడక్షన్ వేస్తారు. గుసగుస కొంచెం తగ్గుతుంది, సంగీతం నీళ్లలో మునిగినట్టు తయారవుతుంది.

ఆలోచించాల్సింది ఇది. ఆ జాడ మీద కొత్త డైలాగు పడబోతోంది. కొత్త గొంతు దానికంటే ఎన్నో రెట్లు గట్టిగా, అదే ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది కాబట్టి దాన్ని కప్పేస్తుంది. అందువల్ల జాడ ఎంత ఉందో శుభ్రం చేసిన ట్రాక్ ఒక్కటే వింటూ తేల్చకండి. ఆర్టిస్టు ఇంకా రాకపోతే మీరే ఫోన్‌లో డైలాగులు చదివి, వాటిని స్థానంలో పెట్టి వినండి. జాడల్లో ఎక్కువ భాగం మాయమవుతాయి. బయటపడేవి రెండే చోట్ల: పాత డైలాగు కొత్తదానికంటే ముందే మొదలైన చోట, కొత్తది అయిపోయాక కూడా పాతది సాగిన చోట. ఈ రెంటినీ మాత్రమే బాగుచేయాలి. కొన్నిచోట్ల అనువాదంలో ఒక మాట చేర్చి వాక్యం కాస్త పొడిగిస్తే బాగుచేసే పనే ఉండదు. అనువాదకుడు పక్కన కూర్చుంటే ఇలాంటివి రెండు నిమిషాల్లో తేలిపోతాయి.

మాట ఉన్నచోటల్లా వెనక వాన శబ్దం తగ్గి మళ్లీ పెరుగుతోంది. ఎందుకు?

వాన, గాలి, ఫ్యాన్ హోరు అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ పరుచుకుని ఉంటాయి. మాటలోని స, శ, ష ధ్వనులు కూడా పైఫ్రీక్వెన్సీల్లో అలాంటి హోరే. మోడల్ మాటను లాగేటప్పుడు దానితో పాటు కొంత వానను కూడా పట్టుకుపోతుంది. మాట ఆగగానే వాన మళ్లీ నిండుగా వస్తుంది. చెవికి అది ఊపిరి తీసినట్టు వినిపిస్తుంది.

దీనికి మందు అదే సీనులో ఉంటుంది. మాటలు లేని చోట, సంగీతం కూడా లేకుండా, మూడు నాలుగు సెకన్ల వాన దొరుకుతుందేమో వెతకండి. దాన్ని రూమ్ టోన్ అంటారు. దాన్ని కాపీ చేసి గుంటలున్న చోట విడి ట్రాక్‌లో పరచండి, రెండు చివర్లా క్రాస్‌ఫేడ్ ఇవ్వండి, అంటే ఒక శబ్దం తగ్గుతుండగానే ఇంకోటి పెరిగేలా కలపండి. ఒకే ముక్క పదేపదే వస్తే అందులోని ఒక చినుకు టప్‌మన్న ప్రతిసారీ చెవి పట్టేస్తుంది. ముక్కలను వేరువేరు చోట్ల కోసి, వరస మార్చి వాడండి. వాల్యూమ్ ఎంత అంటే, కళ్లు మూసుకుని వింటే మాట ఎక్కడ ఉండేదో చెప్పలేనంత.

ఆ సీనులో శుభ్రమైన ముక్క ఎక్కడా లేకపోతే ఎఫెక్ట్స్ లైబ్రరీలోంచి వాన తెచ్చుకోవచ్చు. అప్పుడు గుంటల్లో మాత్రమే పెడితే రంగు తేడా తెలిసిపోతుంది. సీను మొత్తం పొడవునా పలచగా పరచండి.

అడుగుల చప్పుడు, గ్లాసు శబ్దం మాటలతో పాటే పోయాయి. మళ్లీ తేవచ్చా?

ముందు వేరుచేసిన గొంతు ఫైల్‌లో అవి విడిగా ఉన్నాయేమో చూడండి. రెండు మాటల మధ్య పడిన చప్పుడైతే అక్కడి నుంచి కోసుకోవచ్చు. మాట మీదే పడి ఉంటే మళ్లీ చేయాల్సిందే. ఇది భయపడినంత కష్టం కాదు. బొమ్మ చూస్తూ, అలాంటి నేల మీద, అలాంటి చెప్పులతో నడిచి రికార్డు చేయండి. మైకును నోటి దగ్గర పెట్టినట్టు పాదాల దగ్గర పెట్టకండి, ఒక మీటరు దూరంలో ఉంచితే సీనులో కలిసిపోతుంది. అన్ని శబ్దాలూ చేయనక్కర్లేదు. తెర మీద కనిపించే చప్పుడు లేకపోతే లోటు తెలుస్తుంది, కనిపించనిది లేకపోతే ఎవరికీ తెలియదు.

ఒక క్లిప్ మొత్తం ఎలా చేశారో లెక్కలతో చెప్పగలరా?

రెండు నిమిషాల పది సెకన్ల క్లిప్ ఒకటి చెబుతాను. రేకుల షెడ్డు కింద ఇద్దరు వాదించుకుంటారు, బయట వాన, వెనక సన్నగా వయొలిన్, మధ్యలో ఒకసారి తలుపు ధడేల్‌మంటుంది. ఆడియో 5.1. నిడివి 130 సెకన్లు.

మొదట చేసిన పని వినడం, రాసుకోవడం. పద్నాలుగు డైలాగులు, ఒక్కోటి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నోట్ చేస్తే మొత్తం మాట 48 సెకన్లు తేలింది. అంటే మిగిలిన 82 సెకన్లలో నేను దేన్నీ ముట్టుకోనక్కర్లేదు, అసలు ఆడియోనే ఉంచేయొచ్చు. ఈ పనిలో అన్నిటికంటే లాభసాటి నిర్ణయం ఇదే. మోడల్ ఇచ్చిన ట్రాక్‌ను చివరి నుంచి చివరి దాకా వాడితే, మాట లేని చోట్ల కూడా వాన అనవసరంగా పలచబడుతుంది.

సెంటర్‌ను డెమక్స్‌లో వేశాను. అసలు సెంటర్ ఒక ట్రాక్‌లో, `no_vocals.wav` కింద ఇంకో ట్రాక్‌లో పెట్టి, డైలాగు ఉన్న పద్నాలుగు చోట్ల మాత్రమే కింది ట్రాక్‌కు మారేలా కోశాను. కోత ప్రతిచోటా డైలాగుకు కాస్త ముందు, మాట తోక పూర్తిగా ఆగాక. కోతల దగ్గర 20 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ ఇస్తే టిక్కుమనే శబ్దం రాలేదు, కానీ వాన తేడా తెలిసింది. 200 మిల్లీసెకన్లకు పెంచాక కలిసిపోయింది.

తర్వాత తాత్కాలికంగా నేనే చదివిన డైలాగులు పరిచాను. 48 సెకన్లలో 41 సెకన్లు కొత్త మాటల కింద పడిపోయాయి. మిగిలింది ఏడు సెకన్లు, తొమ్మిది చోట్ల చిన్న చిన్న ముక్కలుగా. ఆ తొమ్మిదింట్లో ఆరు చోట్ల వాన మాత్రమే ఉంది కాబట్టి, జాడను కోసేసి రూమ్ టోన్ పెట్టాను. రెండు చోట్ల అనువాదం ఒక మాట పెరిగింది. చివరిది తలుపు. ఒక పాత్ర అరుస్తుండగానే తలుపు పడుతుంది, మోడల్ ఆ దెబ్బ మొదటి చరుపును గొంతుతో పాటు తీసుకుపోయి, తర్వాతి బరువైన భాగాన్ని మాత్రం వదిలింది. దాని మీద మరో తలుపు చప్పుడు పెడితే రెండు తలుపులు పడ్డట్టు ఉంది. చివరికి ఆ అర సెకను మోడల్ శబ్దాన్ని పూర్తిగా తీసేసి, కింద వాన పరిచి, రికార్డు చేసిన తలుపు ఒక్కటే పెట్టాను. పని మొత్తానికి ఒక పూట పట్టింది. అందులో మోడల్ నడిచింది పావుగంటలోపే.

## కొత్త గొంతు కలిపేటప్పుడు

మాటలు తీసిన ట్రాక్ వీడియోతో కలవడం లేదు. ఎక్కడ తప్పింది?

తేడా ఎలాంటిదో చూస్తే కారణం తెలుస్తుంది. మొదటి నుంచీ ఒకే మోతాదులో ముందుకో వెనక్కో ఉంటే, మధ్యలో ఎక్కడో ఎంపీ3గానో ఏఏసీగానో మార్చి ఉంటారు. ఆ ఫార్మాట్లు ఫైల్ మొదట్లో కాస్త నిశ్శబ్దం చేరుస్తాయి, అది 20 మిల్లీసెకన్లు దాటొచ్చు. అసలు ట్రాక్‌ను, శుభ్రం చేసిన ట్రాక్‌ను ఒకదాని కింద ఒకటి పెట్టి, ఒక గట్టి చప్పుడు దగ్గర దగ్గరగా చూసి జరపండి.

పోనుపోను తేడా పెరుగుతుంటే అది శాంపిల్ రేటు గొడవ. సినిమా ఆడియో సాధారణంగా 48000 హెర్ట్జ్, డెమక్స్ ఇచ్చేది 44100. సాఫ్ట్‌వేర్ ఆ ఫైల్‌ను మార్చకుండా 48000గా వాయించేస్తే 130 సెకన్ల క్లిప్ 119 సెకన్లకే అయిపోతుంది, శ్రుతి కూడా పెరుగుతుంది. ముందే మార్చుకోవడం మేలు:

```
ffmpeg -i no_vocals.wav -ar 48000 -ac 1 -c:a pcm_s24le centre_me.wav
```

ఇది సెంటర్‌కు. స్టీరియో క్లిప్ అయితే `-ac 1` తీసేయండి. వీడియో ఒకచోట నుంచి, ఆడియో ఇంకోచోట నుంచి తెచ్చి ఉంటే సుమారు 4 శాతం తేడా కూడా రావచ్చు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేములుగా నడిపిన కాపీ అది.

కొత్త డైలాగు సినిమాలో ఉన్నట్టు కాకుండా పైన అతికించినట్టు ఉంది. ఏం చేయాలి?

స్టూడియోలో మైకుకు అంగుళాల దూరంలో చెప్పిన మాటకు గది లేదు. సీనులో మనిషి ఆరడుగుల దూరంలో, గోడల మధ్య ఉన్నాడు. మీ దగ్గర మంచి నమూనా ఒకటి ఉంది, అదే వేరుచేసిన పాత గొంతు. దాన్నీ కొత్తదాన్నీ మార్చి మార్చి వింటూ, ముందు ఈక్వలైజర్‌తో కింది బరువు కొంచెం తగ్గించండి, తర్వాత చిన్న గది రివర్బ్ చాలా తక్కువగా కలపండి. రివర్బ్ విడిగా వినబడిందంటే ఎక్కువైనట్టే. షాట్ దగ్గరైనప్పుడు తగ్గించాలి, దూరమైనప్పుడు పెంచాలి. క్లోజప్‌లో హాలు మోత వస్తే అతికించినట్టే ఉంటుంది.

డైలాగు మధ్యలో ఉండగానే మ్యూజిక్ ఉన్నట్టుండి పెరుగుతోంది. నేనేమీ చేయలేదే?

చేసింది మీరు కాదు, సినిమా మిక్స్ చేసినాయన. పాత డైలాగు వచ్చినప్పుడల్లా ఆయన సంగీతాన్ని తగ్గించి, ఆగగానే పెంచారు. మాట తీసేసినా ఆ దిగుడు, ఎగుడు ట్రాక్‌లోనే ఉండిపోయాయి. మీ కొత్త డైలాగు అర సెకను ఎక్కువ సాగితే, ఆ అర సెకను పెరిగిన సంగీతంతో పోరాడుతుంది. డైలాగును గట్టిగా పెంచి సరిదిద్దకండి. సంగీతం ట్రాక్ మీద వాల్యూమ్ గీత గీసి, ఆ పెరుగుదలను మీ మాట ఆగేదాకా వాయిదా వేయండి. దీనికి మాట రాగానే సంగీతాన్ని దానంతటదే తగ్గించే ఆటోమేటిక్ డకింగ్ వాడితే పాత దిగుడు మీద ఇంకో దిగుడు పడి సంగీతం మాయమైపోతుంది.

మొత్తం సౌండ్ ఎంత ఉండాలి?

ఎవరికి ఇస్తున్నారో వాళ్లనే అడగాలి. సౌండ్ చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో లఫ్స్‌లో కొలుస్తారు. యూరప్ ప్రసారాల ప్రమాణం మైనస్ 23 లఫ్స్, ఇతరులు తమ అంకె చెబుతారు. సినిమా మొత్తంలో ఒక్క క్లిప్పే డబ్ చేస్తుంటే అంకెల కంటే ముఖ్యం, దాని ముందూ వెనకా ఉన్న సీన్లతో చెవికి సమానంగా ఉండటం.

పని సరిగ్గా కుదిరిందో లేదో ఎవరితో వినిపించాలి?

మీరు ఇప్పటికే వందసార్లు విన్నారు కాబట్టి మీ చెవిని నమ్మకండి. పాత భాష బాగా వచ్చినవాళ్లను ఒకరిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా చూపించండి. రానివాళ్లకు గాలిలా వినిపించే జాడ వాళ్లకు మాటగా తెలిసిపోతుంది, తెలిసిన భాషలో సగం అక్షరం చాలు చెవి మిగతాది నింపుకుంటుంది. వాళ్లు ఎక్కడ తల పైకెత్తారో ఆ టైమ్ రాసుకోండి. ఆ తర్వాత అదే క్లిప్‌ను ఫోన్ స్పీకర్‌లో వినండి. అందులో బాస్ ఉండదు, సంగీతం పలచబడుతుంది, మిగిలిపోయిన గుసగుస ఉంటే ఒక్కసారిగా ముందుకొస్తుంది.